వెర్షన్ మారితే వాక్యాలన్నీ మారాలా?

*నేను గుంటూరులో ఇంటి దగ్గర నుంచే ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. మూడేళ్లుగా ఎక్కువగా వచ్చేవి క్లినికల్ ట్రయల్స్ సమ్మతి పత్రాలు. ఏడాది నుంచి ఫైలును మెషిన్ ట్రాన్స్‌లేషన్‌లో వేసి, వచ్చినదాన్ని దిద్ది పంపుతున్నాను. మొన్న ఒక పత్రం కొత్త వెర్షన్ చేసి పంపితే, "పాత వెర్షన్‌తో కలవడం లేదు" అని ఏజెన్సీ వాళ్లు తిప్పి పంపారు. తప్పులున్నాయని మాత్రం అనలేదు. ట్రాన్స్‌లేషన్ మెమరీ, గ్లాసరీ వాడమంటున్నారు. మెషిన్ ఇంత బాగా చేస్తున్నప్పుడు ఇవి ఎందుకు? నేర్చుకుంటే నిజంగా ఉపయోగం ఉంటుందా?*
*– ఒక అనువాదకురాలు, గుంటూరు*

తప్పులున్నాయని వాళ్లు అనలేదంటే మీ తెలుగు బాగానే ఉండి ఉంటుంది. కానీ సమ్మతి పత్రాల్లో వాక్యం బాగుంటే సరిపోదు. పాత వెర్షన్‌ను ఎథిక్స్ కమిటీ చదివి ఆమోదించాక, అందులో ఉన్న ప్రతి తెలుగు వాక్యం ఆమోదం పొందిన వాక్యం అవుతుంది. కొత్త వెర్షన్‌లో ఇంగ్లీషు వాక్యం మారకపోతే దాని తెలుగు కూడా మారకూడదు. మెషిన్‌కు ఈ సంగతి తెలియదు. నిరుడు మీరు ఏం రాశారో, కమిటీ దేన్ని ఒప్పుకుందో దానికి అక్కర్లేదు. ప్రతి ఫైలునూ అది మొదటిసారి చూస్తున్నట్టే చూస్తుంది.

దీనివల్ల ఇబ్బంది పడేది ఏజెన్సీ ఒక్కటే కాదు. మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, ట్రయల్‌లో పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో సమ్మతి పత్రం ఉండాలి, దానికి ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి. ట్రయల్ మధ్యలో కొత్త సైడ్ ఎఫెక్ట్ బయటపడిందనుకోండి, పత్రాన్ని మార్చి, ఇప్పటికే చేరినవారి దగ్గర మళ్లీ సంతకం తీసుకుంటారు. ఆరు నెలల క్రితం పాత పత్రం చదివి సంతకం పెట్టిన పెద్దాయన ఇప్పుడు కొత్తది చేతిలోకి తీసుకుంటాడు. మారింది నాలుగు చోట్లే అయితే ఆ నాలుగే ఆయన కంటికి ఆనాలి. మీరు అన్ని వాక్యాలూ కొత్తగా రాసి పంపితే, నిజంగా మారిన ఆ నాలుగూ రెండు వందల కొత్త వాక్యాల్లో కలిసిపోతాయి. కమిటీలో చదివేవారికి, సరిచూడడానికి తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి మార్చే బ్యాక్ ట్రాన్స్‌లేషన్ చేసేవారికి కూడా పని మళ్లీ మొదటికొస్తుంది.

ట్రాన్స్‌లేషన్ మెమరీ అంటే పెద్ద మాయ ఏమీ లేదు. మీరు చేసిన ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషూ తెలుగూ జతగా దాచుకునే ఫైలు అది. వాక్యమే కానక్కర్లేదు, శీర్షిక కావచ్చు, పట్టికలో ఒక గడి కావచ్చు. ఆ ముక్కను సెగ్మెంట్ అంటారు. కొత్త ఫైలు తెరిచినప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక్కో ఇంగ్లీషు సెగ్మెంటునూ పాతవాటితో పోల్చి, అచ్చంగా అదే ఉంటే మీ పాత తెలుగు తెచ్చి పెడుతుంది. కొంచెం తేడా ఉంటే ఎంత శాతం కలిసిందో చెప్పి, పాతది పక్కన చూపిస్తుంది. ఇలా కొంత కలిసినదాన్ని ఫజ్జీ మ్యాచ్ అంటారు. మెమరీ తనంతట తాను ఒక్క తెలుగు మాట కూడా పుట్టించదు. చూపించేదంతా మీరో, మీలాంటి ఇంకో మనిషో ఒకసారి ఆలోచించి రాసిందే. మార్టిన్ కే అనే భాషా శాస్త్రవేత్త 1980లోనే అనువాదాన్ని మొత్తంగా యంత్రానికి అప్పగించే బదులు, మనిషి పక్కన కూర్చుని చిన్న చిన్న పనుల్లో సాయపడే యంత్రం కావాలని వాదించాడు. సమ్మతి పత్రాల పని చేస్తున్నప్పుడల్లా ఆయన మాట నాకు గుర్తుకొస్తుంది.

నేను చేసిన ఒక పత్రం లెక్క చెబుతాను. షుగరు మందు ట్రయల్, మూడో వెర్షన్. మొత్తం 214 సెగ్మెంట్లు. రెండో వెర్షన్ మెమరీ పెట్టి తెరిస్తే 181 నూటికి నూరు కలిశాయి, 19 ఫజ్జీగా వచ్చాయి, 14 పూర్తిగా కొత్తవి. ఆ 181 వాక్యాలను నేను ముట్టుకోలేదు, ఒకసారి చదివాను అంతే. నా బుర్ర పెట్టాల్సింది 33 చోట్ల. ఒక పూటలో పని అయిపోయింది. అదే పత్రాన్ని సరదాగా మెషిన్‌లో కూడా వేసి చూశాను. తెలుగు చదవడానికి బాగానే ఉంది. కానీ ఆ 181 వాక్యాల్లో ఆమోదం పొందిన మాటలతో అచ్చంగా కలిసినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. "మీరు ఎప్పుడైనా ట్రయల్ నుంచి తప్పుకోవచ్చు" అని మేము రాసినచోట "మీరు ఏ సమయంలోనైనా అధ్యయనం నుండి ఉపసంహరించుకోవచ్చు" అని వచ్చింది. రెండూ ఒకే అర్థం. రెండోది తప్పని ఎవరూ అనరు. కానీ కమిటీ ఒప్పుకున్నది మొదటిది. దాన్ని దిద్ది మళ్లీ పాతదానికి తేవడం కొత్తగా అనువదించడం కంటే ఎక్కువ శ్రమ. ఎందుకంటే పాత పత్రం పక్కన పెట్టుకుని ప్రతి మాటా సరిచూడాలి. మీకు ఫైలు తిరిగి రావడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. మెమరీని గుడ్డిగా నమ్మడం కూడా ప్రమాదమే. 19 ఫజ్జీల్లో ఒకదాని దగ్గర నాకు చెమటలు పట్టాయి. తెర మీద పైన పాత ఇంగ్లీషు, కింద కొత్తది ఇలా ఉన్నాయి:

```
You should take the study drug on the morning of your visit.
You should not take the study drug on the morning of your visit.
```

పన్నెండు మాటల వాక్యంలో ఒక్క మాట చేరింది. సాఫ్ట్‌వేర్ మాటల లెక్కన పోలుస్తుంది కాబట్టి దీనికి 92 శాతం ఇచ్చింది. 92 అంటే దాదాపు అయిపోయినట్టే అనిపిస్తుంది కదా. అర్థం మాత్రం పూర్తిగా తిరగబడింది. మందు వేసుకోకముందు రక్తం తీయాలని డాక్టర్లు నిర్ణయించడం వల్ల వచ్చిన మార్పు అది. తెలుగులో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇంగ్లీషులో కాదనే మాట విడిగా నిలబడి కనిపిస్తుంది. మనకు అది క్రియలో కలిసిపోయి వాక్యం చివరికి పోతుంది. "మీరు విజిట్‌కు వచ్చే రోజు ఉదయం ట్రయల్ మందు వేసుకోవాలి" అన్న పాత వాక్యాన్ని తెచ్చి పెట్టుకుని, ఎక్కడో మధ్యలో తేడా ఉందేమోనని వెతుకుతూ పోతే, "వేసుకోవాలి" అన్నది "వేసుకోకూడదు" కావాలన్న సంగతి కన్ను జారిపోతుంది. అందుకే నేను ఫజ్జీ దగ్గర ముందు తెలుగు వైపు చూడను. ముందు రెండు ఇంగ్లీషు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి తేడా ఏమిటో పట్టుకుంటాను. ఆ తర్వాత తెలుగు క్రియ చూస్తాను. ఆ తర్వాత అంకెలు. ఆరు విజిట్లు ఎనిమిది అయినప్పుడు, 10 మిల్లీలీటర్ల రక్తం 15 అయినప్పుడు శాతం చాలా ఎక్కువ చూపిస్తుంది. పాత అంకె హాయిగా అలాగే కూర్చుండిపోతుంది.

నూటికి నూరు కలిసినా తప్పయ్యే సందర్భం ఒకటుంది. పత్రం చివర ప్రశ్నలకు పక్కన గడుల్లో ఒట్టి "నో" అని ఉంటుంది. "మీకు బీపీ ఉందా?" అన్న ప్రశ్నకైతే తెలుగులో "లేదు" అనాలి. "మీరు గర్భవతా?" అంటే "కాదు". "మిగిలిన రక్తాన్ని ముందు ముందు పరిశోధనలకు దాచుకోవచ్చా?" అంటే "వద్దు". ఇంగ్లీషుకు ఒకే మాట కాబట్టి మెమరీ మొదట మీరు రాసినదాన్నే అన్ని గడుల్లోనూ నింపేస్తుంది. గర్భవతి ప్రశ్న పక్కన "లేదు" అని అచ్చయితే చదివినవాళ్లకు ఎలా ఉంటుందో ఊహించండి. ఇలాంటి చోట ఆ ఒక్క గడికి వేరే అనువాదం పెట్టే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. కింద చెప్పబోయే ఒమేగాటీ అనే సాఫ్ట్‌వేర్‌లో దాని పేరు `Create Alternative Translation`. చిన్న చిన్న సెగ్మెంట్లు నూటికి నూరు కలిసినా, చుట్టూ ఏముందో చూడకుండా వదలకండి.

ఇక గ్లాసరీ. మెమరీ పని వాక్యంతో, గ్లాసరీ పని మాటతో. పూర్తిగా కొత్తవని చెప్పిన ఆ 14 సెగ్మెంట్లలో మెమరీ మీకేమీ ఇవ్వదు. కానీ వాటిలో వచ్చే మాటలు చాలావరకు పాతవే. అక్కడ పాత మాటే పడేలా చూసేది గ్లాసరీ. చాలా మంది చేసే పొరపాటు ఏమిటంటే, తెలుగు అకాడమి పదకోశమో ఇంకో పెద్ద నిఘంటువో మొత్తం తెచ్చి అందులో పోసేస్తారు. ఆ పదకోశాలు పాఠ్యపుస్తకాలకు తయారు చేసినవి. అక్కడి మాట కాలేజీ విద్యార్థికి సరిపోతుంది, సమ్మతి పత్రం చదివే రైతుకు సరిపోకపోవచ్చు. పైగా ప్రతి వాక్యానికీ పక్కన పాతిక మాటలు కనిపిస్తుంటే రెండు రోజుల్లో ఆ వైపు చూడడమే మానేస్తారు. ఒక ట్రయల్‌కు నలభై, యాభై మాటలు చాలు. దేనికైతే రెండు మూడు తెలుగు మాటలు వచ్చే అవకాశం ఉందో, అందులో మీరు ఒకటి ఎంచుకున్నారో, దాన్నే రాసుకోండి. ఎంచుకోవాల్సిన పని లేని మాటకు గ్లాసరీలో చోటు అక్కర్లేదు.

ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలే. మూడు నిలువు వరుసలు, మధ్యలో ట్యాబ్. మొదట ఇంగ్లీషు, తర్వాత తెలుగు, మూడోది మీ గమనిక. నాది ఇలా ఉంటుంది:

```
study doctor	ట్రయల్ డాక్టర్	గారు చేర్చాలి
treatment arm	చికిత్స గ్రూపు	చేయి కాదు
arm	చేయి	రక్తం తీసేచోట మాత్రమే
placebo	ప్లాసిబో	మొదటిసారి: మందు లేని మాత్ర
withdraw	తప్పుకోవడం	ఉపసంహరణ వద్దు
```

రెండో, మూడో అడ్డ వరుసలు చూడండి. ఒకే పత్రంలో ఆ ఇంగ్లీషు మాట రెండు అర్థాల్లో వస్తుంది. రక్తం తీసేది మీ చేతి నుంచి. మిమ్మల్ని వేసేది ట్రయల్‌లోని ఒక గ్రూపులో. మెషిన్ నాకు ఒకసారి "మీరు రెండు చేతులలో ఒకదానికి కేటాయించబడతారు" అని ఇచ్చింది. ఇది దొరికిపోయే తప్పు, చదవగానే తెలుస్తుంది. నన్ను భయపెట్టేవి దొరకని తప్పులు. రెండో పేజీలో ప్లాసిబో, ఐదో పేజీలో "ఉత్తుత్తి మందు", తొమ్మిదో పేజీలో "నిష్క్రియ ఔషధం". ఒక్కో వాక్యం విడిగా చూస్తే అన్నీ సరైనవే. మొత్తం చదివిన మనిషికి మాత్రం ఇవి మూడు వేరు వేరు మందులు. మామూలు మెషిన్ ట్రాన్స్‌లేషన్ చాలావరకు ఒక్కో వాక్యాన్ని విడిగా చూస్తుంది కాబట్టి రెండో పేజీలో ఏం రాసిందో తొమ్మిదో పేజీకి దానికి గుర్తుండదు. మీరు దిద్దేటప్పుడు కూడా వాక్యం తర్వాత వాక్యం చదువుతారు కాబట్టి మీ కంటికీ ఆనదు.

తెలుగుకు గ్లాసరీతో ఒక ప్రత్యేకమైన చిక్కుంది, ఇది ఇంగ్లీషులో రాసిన గైడ్‌లలో దొరకదు. మన మాటలు విభక్తులతో రూపం మార్చుకుంటాయి. గ్లాసరీలో "వైద్యుడు" అని పెడితే వాక్యంలో అది వైద్యుడిని, వైద్యుడికి, వైద్యుడితో అవుతుంది. గ్లాసరీ మాట వాడారో లేదో సరిచూసే తనిఖీ చాలా సాఫ్ట్‌వేర్లలో అక్షరాల పోలికే. "డు" ఉండాల్సినచోట "డి" ఉంది కాబట్టి మీరు మాట వాడలేదని ఎర్ర గుర్తు పెడుతుంది. "డాక్టర్" అయితే ఈ గొడవ ఉండదనుకున్నాను. అక్కడా ఉంది. "డాక్టర్" చివర పొల్లు ఉంది. "డాక్టరుకు" అని రాస్తే పొల్లు పోయి కొమ్ము వస్తుంది. కంప్యూటర్‌కు అవి వేరు వేరు అక్షరాలు. అందుకే గారు చేర్చాలని గమనికలో రాసుకున్నాను. "డాక్టర్ గారిని", "డాక్టర్ గారికి" అన్నప్పుడు మారేది గారు మాత్రమే, అసలు మాట చెక్కుచెదరదు. మర్యాదా దక్కింది, తనిఖీ కూడా తేలికైంది. గ్లాసరీ మాట ఎంచుకునేటప్పుడు రెండు మూడు విభక్తులు తగిలించి చూసుకోండి. రూపం మారని మాట దొరికితే అదే తీసుకోండి. దొరకకపోతే తనిఖీలో వచ్చే ఎర్ర గుర్తులను చదివి వదిలేయడానికి సిద్ధపడండి, వాటికి భయపడి విభక్తి తీసేయకండి. గ్లాసరీ జత చేసే వీలున్న మెషిన్ ట్రాన్స్‌లేషన్ సర్వీసులు కూడా కొన్ని ఉన్నాయి. అవి చాలాసార్లు మీ మాటను ఉన్నదున్నట్టు తెచ్చి అతికిస్తాయి, "వైద్యుడు ను సంప్రదించండి" అని వస్తుంది. అది దిద్దుకోవాల్సిందే.

ఇంకొకటి, కంటికి కనిపించనిది. "వెబ్‌సైట్" అని రాసేటప్పుడు బ, స కలిసి ఒత్తు పడకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో ఒక కనిపించని అక్షరం పెడతాయి. దాని కోడ్ `U+200C`. కొందరి ఫైళ్లలో అది ఉంటుంది, కొందరి ఫైళ్లలో ఉండదు. అది లేనప్పుడు "వెబ్సైట్" అయి ఒత్తు పడుతుంది, మనం చూసి పట్టుకోగలం. కానీ మాట చివర పొల్లు తర్వాత, ఖాళీకి ముందు అదే అక్షరం పడితే తెర మీద ఏ తేడా తెలియదు. "డాక్టర్ గారు" అని వెతికి, అన్నిచోట్లా మార్చానని అనుకుంటారు. ఉన్న చోటే కనబడకుండా కొన్ని మిగిలిపోతాయి. గ్లాసరీలోనూ ఫైలులోనూ ఒకే కీబోర్డుతో టైప్ చేయడం అన్నిటికంటే తేలికైన మందు.

మొదలుపెట్టడానికి డబ్బు పెట్టక్కర్లేదు. ఒమేగాటీ ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. వెతకాలంటే `OmegaT` అని టైప్ చేయండి. ప్రాజెక్టు తెరవగానే అది కొన్ని ఫోల్డర్లు చేస్తుంది. ఇంగ్లీషు ఫైలు `source`లో, మీ టెక్స్ట్ ఫైలు `glossary`లో, పాత మెమరీలు `tm`లో పెట్టాలి. మీకు ముఖ్యంగా కావలసింది `tm` లోపలి ఏర్పాటు. అదే ట్రయల్ పాత వెర్షన్, ఆమోదం పొందినది, `tm/auto`లో పెడితే నూటికి నూరు కలిసినవన్నీ తనంతట తానే నింపుతుంది. వేరే ట్రయల్స్‌కు చేసిన పని `tm/penalty-20` అన్న ఫోల్డర్‌లో పెట్టండి. అందులోంచి వచ్చే ప్రతిదానికీ 20 శాతం తగ్గించి చూపిస్తుంది. అంటే అచ్చంగా కలిసినా 80 అనే కనిపిస్తుంది, మీరు ఆగి చదువుతారు. గుండె మందు ట్రయల్‌లో ఒప్పుకున్న వాక్యం షుగరు మందు ట్రయల్‌లో చెప్పకుండా వచ్చి కూర్చోకుండా ఈ చిన్న ఏర్పాటు కాపాడుతుంది. మీ ప్రాజెక్టు మెమరీ `project_save.tmx` అన్న ఫైలులో ఉంటుంది. రోజూ పని అయ్యాక దాన్ని పెన్‌డ్రైవ్‌లోకో, మెయిల్‌లోకో కాపీ చేసుకోండి. టీఎంఎక్స్ అన్నది అందరూ ఒప్పుకున్న ఫార్మాట్ కాబట్టి రేపు ఏజెన్సీ వేరే సాఫ్ట్‌వేర్ వాడమన్నా మీ జతలు అందులోకి తీసుకెళ్లవచ్చు.

మూడేళ్లుగా చేసిన పని ఊరికే పోదు. పాత ఇంగ్లీషు ఫైలు, దాని తెలుగు ఫైలు రెండూ ఉంటే `Align Files` అన్న సాధనంతో వాటిని జతలు చేయవచ్చు. రెండు ఇంగ్లీషు వాక్యాలను మీరు ఒకే తెలుగు వాక్యంగా కలిపిన చోట జతలు ఒక మెట్టు జారి, అక్కడి నుంచి కింది వరకు అన్నీ తప్పుతాయి. అందుకని పది పదిహేను వరుసలకోసారి ఆగి చూసుకుంటూ సరిచేయండి. పాతవి అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో చేసి ఉంటే ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, లేకపోతే మెమరీలో చేరేది తెలుగు కాదు, గజిబిజి ఇంగ్లీషు అక్షరాలు. మార్చాక ఒత్తులూ పొల్లులూ ఒకసారి చదివి చూడాలి. అన్నీ ఒక్కసారే చేయాలని కూర్చోకండి. మళ్లీ వెర్షన్ వచ్చే అవకాశం ఉన్న ట్రయల్స్‌వి మాత్రం చేయండి. ముగిసిపోయిన ట్రయల్ ఫైళ్లకు అంత శ్రమ దండగ. మీరు గత ఏడాది మెషిన్‌తో చేసి దిద్దినవి వేరే మెమరీగా పెట్టి `penalty` ఫోల్డర్‌లో ఉంచండి. ఆమోదం పొందినవైతే మాత్రం అవి ఆమోదం పొందినవే, అవి `auto`లోకే పోవాలి.

అయితే మెషిన్ అసలు వద్దా అంటే, కాదు. నేనూ వాడతాను. ఒక ట్రయల్‌కు మొట్టమొదటి వెర్షన్ వచ్చినప్పుడు మెమరీ దాదాపు ఖాళీగా ఉంటుంది. అప్పుడు కొత్త వాక్యాలకు మెషిన్ ఇచ్చిన చిత్తు ప్రతి నుంచి మొదలుపెడితే టైపింగ్ తగ్గుతుంది. ఫజ్జీ శాతం బాగా పడిపోయినప్పుడు కూడా అంతే. నా అనుభవంలో 70 కన్నా తక్కువ కలిసిన పొడుగు వాక్యాన్ని దిద్దడం కంటే కొత్తగా రాయడమే తేలిక. ఇంగ్లీషులో చివర ఒక చిన్న ముక్క చేరితే తెలుగులో అది వాక్యం మొదటికి వచ్చి, మిగతాదంతా అటూ ఇటూ జరపాల్సి వస్తుంది. మళ్లీ ఎప్పుడూ రాని కాగితాలకు, అంటే ఒక ఉత్తరానికో, ఒకే ఒక్కసారి వచ్చే నోటీసుకో, మెమరీ కోసం ప్రాజెక్టు తెరవడం కూడా అనవసరం. ఇంగ్లీషు ఫైలులో ఏముందో త్వరగా తెలుసుకుని పని ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికీ మెషిన్ మంచిదే. కాకపోతే రహస్యంగా ఉంచుతానని సంతకం పెట్టిన పత్రాన్ని ఉచిత సైట్‌లో అతికించకండి. సమ్మతి పత్రాలకు ఏజెన్సీలు దాదాపు ఎప్పుడూ అలాంటి సంతకం తీసుకుంటాయి. మీ ఒప్పందం ఈ రోజే ఒకసారి తీసి చదవండి.

ఇక్కడ చాలా మంది కాలు జారేది ఒకచోట. సాఫ్ట్‌వేర్‌లోనే మెషిన్ అనువాదం చూపించే వీలుంటుంది. ఒక మీట నొక్కితే అది మీ గడిలోకి వస్తుంది. చదవకుండా తర్వాతి వాక్యానికి పోతే, ఆ క్షణంలోనే అది మీ మెమరీలో మీ అనువాదంగా చేరిపోతుంది. వచ్చే వెర్షన్‌లో అదే వాక్యం నూటికి నూరుగా, మీరు ఒకప్పుడు ఆలోచించి రాసినట్టుగా తిరిగి వస్తుంది. అప్పుడు మీరే దాన్ని నమ్ముతారు. మెషిన్ రాసిన వాక్యం సాఫీగా ఉంటుంది కాబట్టి మధ్యలో ఒక షరతు జారిపోయినా తెలియదు. "డాక్టర్ గారు చెబితే తప్ప మందు ఆపవద్దు" అన్నది "మందు ఆపవద్దు" అయినా వాక్యం తెలుగులో చక్కగానే ఉంటుంది. అందుకని నేను మెషిన్ ముక్కను తెచ్చుకున్న ప్రతి సెగ్మెంటుకూ ఇంగ్లీషు మళ్లీ మొదటి నుంచి చదివాకే ఎంటర్ నొక్కుతాను. అలా చదివే ఓపిక లేని రోజు మెషిన్ బటన్ ముట్టుకోను.

డబ్బు సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. మెమరీ వాడమన్న ఏజెన్సీ త్వరలోనే నూటికి నూరు కలిసినవాటికి తక్కువ రేటు అంటుంది. అది వాడుకే. అయితే ముందే ఒక ప్రశ్న అడగండి: "ఆ సెగ్మెంట్లు నేను చదవాలా, వదిలేయాలా?" చదవమంటే చదివినందుకు ఎంతో కొంత ఇవ్వాలి. పైన చెప్పిన "లేదు, కాదు, వద్దు" లాంటివి చదవకుండా ఎవరూ పట్టుకోలేరు. వదిలేయమంటే ఆ మాట మెయిల్‌లో రాసి ఇవ్వమనండి, తర్వాత మీ మీదికి రాకుండా ఉంటుంది.

తిరిగొచ్చిన ఆ ఫైలు విషయానికొస్తే, ఏజెన్సీకి ఫోన్ చేసి పాత వెర్షన్‌లో ఆమోదం పొందిన తెలుగు ఫైలూ, దాని ఇంగ్లీషూ పంపమనండి. వాళ్ల దగ్గర టీఎంఎక్స్ ఉంటే ఇంకా మంచిది, జత చేసే పని తప్పుతుంది. అది `tm/auto`లో వేసి కొత్త వెర్షన్ ఇంగ్లీషు తెరవండి. నింపకుండా మిగిలినవాటికి ఒక్కొక్కదానికీ `Ctrl+U` నొక్కుతూ వెళ్లండి. మీరు మొన్న పంపిన ఫైలును పక్కన తెరిచి పెట్టుకోండి. కొత్త సెగ్మెంట్లకు మీరు రాసినవాటిలో బాగున్నవి అందులోంచి తెచ్చుకోవచ్చు, గ్లాసరీ మాటలు కలుస్తున్నాయో లేదో చూసుకుని. పంపేటప్పుడు ఏయే సెగ్మెంట్లు మారాయో మెయిల్‌లో ఒక చిన్న జాబితా రాయండి. కమిటీకి పంపేవాళ్లు ముందు అడిగేది అదే.